టాస్ మీద బుకీ తీసే తరుగు

మొన్న ఒక వన్డే మొదలయ్యే ముందు మా మేనల్లుడు ఫోన్ పట్టుకుని వచ్చాడు. ఇంటర్ చదువుతున్నాడు. వాళ్ల ఫ్రెండ్ ఎవరో పంపిన స్క్రీన్‌షాట్‌లో టాస్ ఎవరు గెలుస్తారన్న దాని మీద పందెం రేట్లు ఉన్నాయి, ఇటు 1.90, అటూ 1.90. "మావయ్యా, టాస్ అంటే సగం సగమే కదా, మరి రెండు వైపులా 2 ఉండాలి, ఈ 1.90 ఎక్కణ్ణుంచి వచ్చింది?" అన్నాడు. చాలా మంచి ప్రశ్న. ఆ పోయిన పది పైసల్లోనే అసలు కథంతా ఉంది. వాడు పందెం కాయనని మాటిచ్చాక కూర్చోబెట్టి చెప్పాను, అదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆడ్స్ అంటే ఏమిటో చూద్దాం. మా చిన్నప్పుడు ఇద్దరు పందెం వేసుకుంటే ఇద్దరి డబ్బులూ మూడోవాడి చేతిలో పెట్టేవాళ్లం, గెలిచినవాడు మొత్తం పట్టుకెళ్లేవాడు. ఆడ్స్‌ని అర్థం చేసుకోవడానికి ఆ మూడోవాడి చెయ్యి చాలు. గుర్రప్పందేల్లో "ఫోర్ టు వన్" అంటే మీరు ఒక రూపాయి పెడితే అవతలివాడు నాలుగు పెడతాడు, మూడోవాడి చేతిలో ఐదు ఉంటాయి. పందెం ఎవరికీ అన్యాయం కాకుండా ఉండాలంటే, ఆ ఐదు రూపాయలు మీకు దక్కే అవకాశం ఐదింట ఒక వంతు ఉండాలి, అంటే 20 శాతం. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు, ఒకటికి నాలుగు కాబట్టి నాలుగింట ఒకటి, 25 శాతం అనేస్తారు. మన రూపాయి కూడా ఆ చేతిలోనే ఉందని మర్చిపోవడం వల్ల వచ్చే తప్పు ఇది. క్లాసులో సూత్రం బోర్డు మీద రాసి వదిలేస్తారు గానీ, ఇద్దరు పిల్లల్ని నిలబెట్టి మూడోవాడి చేతిలో నాణేలు పెట్టిస్తే ఒక్కరు కూడా ఈ తప్పు చెయ్యరని నా నమ్మకం.

వెనక్కి రావడం కూడా ఇంతే తేలిక. అవకాశం 20 శాతం అయితే ఓడే 80ని గెలిచే 20తో భాగించండి, నాలుగు వస్తుంది, అదే ఫోర్ టు వన్. మా వాడు చూపించిన 1.90 లాంటి రేట్లలో మన రూపాయిని ముందే కలిపేసి చెబుతారు, గెలిస్తే చేతికొచ్చే మొత్తం అన్నమాట. కాబట్టి అక్కడ ఫోర్ టు వన్‌ని 5.00 అని రాస్తారు, ఒకటిని ఆ అంకెతో భాగిస్తే అవకాశం ఎంతో వచ్చేస్తుంది.

టాస్ మాట వచ్చింది కాబట్టి ఒక ముచ్చట చెప్పాలి. 2023 ప్రపంచకప్ ఫైనల్ నుంచి మన వన్డే జట్టు వరసగా 20 టాస్‌లు ఓడిపోయింది. 2025 డిసెంబర్ 6న మన విశాఖపట్నంలో, దక్షిణాఫ్రికా మీద, కేఎల్ రాహుల్ ఎడమ చేత్తో నాణెం ఎగరేస్తే ఆ వరస తెగింది. ముందే ఒక చోట నిలబడి, ఇక్కణ్ణుంచి 20 టాస్‌లూ ఓడిపోతారని ఎవరైనా చెబితే అది నిజమయ్యే అవకాశం 10,48,576లో ఒకటి, ఆడ్స్‌లో చెప్పాలంటే 10,48,575కి ఒకటి. ఇంత ఓడారు కాబట్టి విశాఖలో గెలిచి తీరాలని లెక్కలు వేసినవాళ్లూ ఉంటారు, ఎడమ చెయ్యి మారిస్తే అదృష్టం మారిందన్నవాళ్లూ ఉంటారు. నాణేనికి మాత్రం ముందు 20 సార్లు ఏం జరిగిందో తెలియదు, ఆ రోజు కూడా సగం సగమే.

ఇప్పుడు పది పైసల సంగతి. టాస్ విషయంలో అసలు సంభావ్యత ఎంతో మనకి కచ్చితంగా తెలుసు, అందుకే బుకీ ఏం చేస్తున్నాడో ఇక్కడ దాపరికం లేకుండా కనిపిస్తుంది. ఒకటిని 1.90తో భాగిస్తే 0.5263. రెండు వైపులా కలిపితే 1.0526. సంభావ్యతలన్నీ కలిపితే ఒకటి రావాలని ఎనిమిదో తరగతి పిల్లాడికైనా తెలుసు, మరి ఎక్కువ ఎలా వచ్చింది? ఎలాగంటే, అవి సంభావ్యతలు కావు, ధరలు. నాణెం ఎటు పడ్డా సరే నా చేతికి కచ్చితంగా 100 రూపాయలు రావాలంటే ఏం చెయ్యాలి? ఇటు 52 రూపాయల 63 పైసలు, అటు 52 రూపాయల 63 పైసలు కాయాలి. అంటే బుకీ దగ్గర ఒక వంద నోటు కొనుక్కోవడానికి 105 రూపాయల 26 పైసలు ఇస్తున్నాను. ఆ పైన ఇచ్చిన ఐదు చిల్లరే వాడి బతుకుతెరువు.

ఇది మన ఆడవాళ్లందరికీ బాగా తెలిసిన లెక్క. బంగారం కొట్లో తరుగు. పది గ్రాముల గొలుసు, తరుగు పది శాతం అన్నాడనుకోండి, మీరు పదకొండు గ్రాములకి డబ్బు కడతారు, మెడలో వేసుకునేది పది గ్రాములే. ఒకటి దాటిన ఆ మిగులుని పందేలవాళ్లు ఓవర్‌రౌండ్ అంటారు, నేనైతే బుకీ తరుగు అంటాను. ఇంకో సంగతి గమనించండి, తరుగు పది శాతమే అయినా మీ డబ్బులో పోయింది పది శాతం కాదు, పదకొండింట ఒకటి, అంటే 9 శాతం చిల్లర. టాస్ లెక్కలో కూడా అంతే, ఓవర్‌రౌండ్ 5.26 శాతం, కానీ కాసిన ప్రతి వందలో సగటున పోయేది సరిగ్గా 5 రూపాయలు. నమ్మకం లేకపోతే వంద టాస్‌ల మీద వంద చొప్పున పది వేలు కాశారనుకోండి, యాభై గెలిస్తే 190 చొప్పున 9,500 వస్తాయి, ఐదు వందలు పోయాయి.

మరి ఈ కూడిక ఒకటి కంటే తక్కువ ఎందుకు ఉండదు? ఉంటే వంద నోటుని 96 రూపాయలకి అమ్ముతున్నట్టు, కొట్టు ముందు క్యూ కడతారు. ఒకే బుకీ దగ్గర ఇలా జరగదు గానీ ఇద్దరు వేర్వేరు బుకీల మధ్య అప్పుడప్పుడూ జరుగుతుంది. ఒకడు ఈ జట్టుకి 2.10, ఇంకొకడు అవతలి జట్టుకి 2.05 ఇస్తుంటే కూడిక 0.964 వస్తుంది, రెండు చోట్లా కాసినవాడికి ఫలితంతో పనిలేకుండా లాభం. ఇలాంటివి ఎక్కువసేపు నిలవవు, ఒక వైపు కాసి రెండో వైపుకి వెళ్లేలోపు రేటు మారిపోతుంది, ఇలా చేసేవాళ్లని కనిపెట్టి బుకీలు పందెం పరిమితి తగ్గించేస్తారు కూడా.

ఇక్కడ నాకు భలే ఇష్టమైన విషయం ఒకటి ఉంది. ఇటలీ గణితవేత్త బ్రూనో డి ఫినెట్టి 1930లలో ఏం చూపించాడంటే, ఒక మనిషి చెప్పే సంభావ్యతలు కూడితే ఒకటి రాకపోతే, ఎక్కువైనా తక్కువైనా, వాడి చేత కచ్చితంగా నష్టపోయే పందేలు కట్టించవచ్చు. మరి బుకీ అంకెలు ఒకటి దాటాయి కదా, వాడెందుకు నష్టపోడు? ఎందుకంటే డి ఫినెట్టి మనిషి చెప్పిన ధరకి అమ్మాలి, అదే ధరకి కొనాలి కూడా. బుకీ అమ్ముతాడంతే. 105 రూపాయల 26 పైసలకి వంద నోటు మీ దగ్గర కొనమంటే కొంటాడా? పాత గొలుసు తిరిగి ఇచ్చేటప్పుడు తరుగు డబ్బు కూడా వెనక్కి ఇమ్మని షాపువాణ్ణి అడిగి చూడండి.

టాస్‌కి రెండే ముఖాలు కాబట్టి తరుగు సమానంగా పంచాడు. గుర్రప్పందెంలో అలా ఉండదు. ఐదు గుర్రాల పందెం ఊహించుకోండి. ఫేవరెట్ మీద ఒకటికి ఒకటి, రెండోదాని మీద ఒకటికి మూడు, మూడోదాని మీద ఒకటికి నాలుగు, మిగతా రెండిటి మీద ఒకటికి తొమ్మిది చొప్పున ఇస్తున్నాడు. శాతాల్లోకి మారిస్తే 50, 25, 20, 10, 10. మొత్తం 115. జనం సరిగ్గా ఇదే నిష్పత్తిలో, 500, 250, 200, 100, 100 కాస్తే బుకీ చేతికి 1,150 వస్తాయి, ఏ గుర్రం గెలిచినా ఇవ్వాల్సింది వెయ్యే. కానీ జనం నిష్పత్తి చూసుకుని కాయరు. ఫేవరెట్ మీదే వెయ్యి వచ్చి పడితే, అది గెలిచినప్పుడు రెండు వేలు కట్టాలి, వాడికీ టెన్షనే. అందుకే డబ్బు ఎటు పోతుంటే అటు రేటు తగ్గిస్తూ, రెండో వైపు పెంచుతూ పోతాడు. తరుగు ఉన్నంత మాత్రాన ప్రతి పందెంలోనూ వాడికి లాభం రాసిపెట్టి లేదు.

సరే, ఈ రేట్ల నుంచి అసలు సంభావ్యత రాబట్టాలంటే? అందరూ చెప్పే పద్ధతి, ప్రతిదాన్నీ 115తో భాగించడం. ఫేవరెట్‌కి 43.5 శాతం, చివరి గుర్రానికి 8.7 శాతం వస్తాయి. బంగారం కొట్టు తెలిసినవాళ్లకి ఇందులో లోపం వెంటనే తట్టాలి. సాదా గాజుకీ నగిషీ హారానికీ ఒకే తరుగు వేస్తారా? ఇక్కడా వెయ్యరు. గెలవదనుకునే గుర్రాల మీద తరుగు ఎక్కువ, ఫేవరెట్ మీద తక్కువ. 1949లో గ్రిఫిత్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు అమెరికా గుర్రప్పందేల లెక్కలు తీసి ఇదే ధోరణి చూపించాడు, చిన్న అవకాశాల మీద జనం అతిగా కాస్తారని. పరీక్షించే దారి కూడా సూటిగానే ఉంటుంది. 33కి ఒకటి చొప్పున రేటు పలికిన గుర్రాలన్నిటినీ వేల పందేల నుంచి ఏరి, వాటిలో ఎన్ని గెలిచాయో లెక్కపెట్టాలి. రేటు చెప్పే 2.94 శాతం కంటే గెలిచినవి బాగా తక్కువగా తేలితే ఆ తేడాయే నగిషీ తరుగు.

అందుకే 2015-16 ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ మొదలయ్యేటప్పుడు లెస్టర్ సిటీ మీద పలికిన 5000కి ఒకటి అన్న రేటుని, దాని అవకాశం 0.02 శాతమే అన్న అర్థంలో చదవకూడదు. తర్వాత ఆ జట్టే కప్పు గెలిచింది. అంత చివరి రేట్లు ఎవరూ కొలిచి పెట్టినవి కావు, ఇది జరిగే పని కాదన్న మాటనే అంకెల్లో రాసినట్టు.

ఇదంతా విన్నాక మా వాడు ఒక టెస్ట్ మ్యాచ్ రేట్లు వెతికి, 1.80, 3.40 అని కాగితం మీద రాసుకుని భాగించాడు. కూడితే 0.85. "మావయ్యా, ఒకటి కంటే తక్కువ వచ్చింది, రెండిటి మీదా కాస్తే లాభమే!" అని ఎగిరి గంతేశాడు. టెస్ట్ మ్యాచ్ ఎన్ని రకాలుగా ముగుస్తుందో చెప్పమన్నాను. కాసేపు ఆలోచించి, కింద డ్రా 5.00 అని రాసి, 0.20 కలిపాడు. 1.05 వచ్చింది.