డైపర్ కింద ఎరుపు: మడతలు చెప్పే సంగతి

పసిపిల్లల పిరుదులు ఎర్రగా కందితే పెద్దలు "వేడి చేసింది" అంటారు. ఒంట్లో వేడికీ దీనికీ సంబంధం లేదు. మూత్రం, మలం ఒకేచోట కలిసి నిలవడమే అసలు కారణం.

మూత్రంలో యూరియా ఉంటుంది. మలంలోని బాక్టీరియా దాన్ని విరగ్గొట్టి అమ్మోనియా చేస్తాయి. రాత్రంతా ఉంచిన డైపర్ విప్పగానే ముక్కుకు కొట్టే ఘాటు అదే. చర్మం సహజంగా కొద్దిపాటి ఆమ్లగుణంతో ఉంటుంది. అమ్మోనియా ఆ గుణాన్ని తగ్గించగానే, మలంలో ఉన్న జీర్ణ ఎంజైములు చురుకవుతాయి. మాంసకృత్తులనూ కొవ్వునూ కరిగించడమే వాటి పని కదా, ఇక్కడ అవి చర్మం పైపొర మీద పడతాయి. అప్పటికే ఆ పొర, గంటసేపు బట్టలు ఉతికిన వేళ్ళలా నాని ఉంటుంది. దాని మీద డైపర్ ఒరుసుకుంటే పచ్చి పుండే.

తొమ్మిది నెలల పాపనే తీసుకోండి. చెవి నొప్పికి యాంటీబయాటిక్ వేశారు, రెండోరోజుకు విరేచనాలు, మూడోరోజుకు పిరుదులు ఎరుపు. విరేచనం అయిన వెంటనే డైపర్ మార్చాలి. గోరువెచ్చని నీళ్ళతో కడిగి, మెత్తటి నూలుగుడ్డతో రుద్దకుండా అద్దాలి. తర్వాత రబ్బరు షీటు మీద పాతచీర పరిచి, డైపర్ లేకుండా పది పదిహేను నిమిషాలు పడుకోబెట్టాలి. ఇలా రోజుకు మూడు నాలుగుసార్లు చేస్తే నానిన పొర ఆరి గట్టిపడుతుంది.

ఆరాకే జింక్ ఆక్సైడ్ క్రీము, గోడకు సున్నం కొట్టినట్టు, కింద ఎరుపు కనబడనంత మందంగా వేయాలి. చాలామంది పొరపాటు చేసేది తర్వాతే. ప్రతిసారీ పాత క్రీమంతా రుద్ది తీసేస్తే, దానితోపాటు కొత్తగా పుడుతున్న చర్మమూ పోతుంది. మురికైన పైపొర మాత్రం తుడిచి, మిగిలిన దాని మీదే మళ్ళీ వేయండి. పౌడరు వద్దు, పాప ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

రెండు మూడు రోజులకు తగ్గకపోతే తొడల మడతలు విప్పి చూడాలి. మామూలు ఒరుపు డైపర్ తగిలే ఉబ్బెత్తు చోట్లే ఉంటుంది, మడత లోపలి చర్మం చాలావరకు బాగానే ఉంటుంది. కాండిడా అనే ఫంగస్ తడిగా ఉండే మడతల్లోనే పెరుగుతుంది. అక్కడ ముదురు ఎరుపు, దాని అంచు దాటి విడివిడిగా చిన్న ఎర్రచుక్కలు కనిపిస్తే అనుమానం దాని మీదే. యాంటీబయాటిక్ మంచి బాక్టీరియాను కూడా చంపడంతో దానికి చోటు దొరుకుతుంది. నోట్లో, తుడిచినా సులువుగా పోని తెల్లపూత ఉందేమో కూడా చూడండి.

మడతల్లోని ఈ ఫంగస్‌కు జింక్ ఒక్కటే చాలదు. డాక్టరు సాధారణంగా 1 శాతం క్లోట్రిమజోల్ వంటి క్రీము రాస్తారు. అది పలుచగా ముందు, జింక్ దాని పైన. మందుల షాపులో ఇచ్చే, క్లోబెటసాల్ లేదా బీటామెథసోన్ అనే స్టెరాయిడ్ కలిసిన క్రీము మాత్రం సొంతంగా వాడొద్దు. ఎరుపు ఒకట్రెండు రోజుల్లో తగ్గినట్టు కనిపిస్తుంది గానీ ఫంగస్ పోదు. డైపర్ మూసి ఉంచడం వల్ల ఆ స్టెరాయిడ్ ఎక్కువగా ఇంకి, చర్మం పలచబడుతుంది.

జ్వరం, నీటి పొక్కులు, చీము, పసుపు పెచ్చులు, రక్తం కనిపిస్తే ఈ రెండు మూడు రోజులు కూడా ఆగకుండా అదేరోజు డాక్టరుకు చూపించాలి.