ఒకే సగం ముడి: చదునుగా నిలిచేదీ, మెలికలు తిరిగేదీ

మొక్కల కుండీని వేలాడదీసే మాక్రమే అల్లికలో రెండు రకాల పట్టీలు కనిపిస్తాయి. ఒకటి జడలా చదునుగా దిగుతుంది, రెండోది మరమేకులా చుట్టూ తిరుగుతుంది. మొదటిది స్క్వేర్ ముడి, రెండోది స్పైరల్ ముడి. చూడటానికి వేరువేరుగా ఉన్నా, చెయ్యి చేసే పని రెండింటిలోనూ ఒక్కటే, సగం ముడి. దాన్ని మళ్లీ ఏ పక్క నుంచి మొదలుపెట్టామన్నదే తేడా.

నాలుగు తాళ్లు పక్కపక్కన వేలాడుతున్నాయనుకోండి. మధ్య రెండూ కదలవు, వీటిని లోపలి తాళ్లు అందాం. అటూ ఇటూ ఉన్నవి పక్క తాళ్లు, ముడి వేసేవి ఇవే. ఎడమ పక్క తాడును లోపలి తాళ్ల ముందు నుంచి కుడివైపుకు తీసుకెళ్లి, దాని చివరను కుడి పక్క తాడు వెనక్కి పోనివ్వండి. ఇప్పుడు కుడి తాడును లోపలి తాళ్ల వెనక నుంచి ఎడమవైపుకు లాగి, అక్కడ ఏర్పడిన కంతలోంచి ముందుకు తీయండి. రెండు చివరలనూ అడ్డంగా, సమానంగా లాగితే సగం ముడి పూర్తవుతుంది.

ఈ సగం ముడికి ఎడమవాటమో కుడివాటమో ఉంటుంది. రెండు తాళ్లూ లోపలి తాళ్ల చుట్టూ ఒక దిశలో కొంచెం మెలిపడతాయి. తర్వాతి సగాన్ని కుడి నుంచి మొదలుపెడితే అది మొదటి దానికి అద్దంలో ప్రతిబింబం అవుతుంది. మెలికకు ఎదురుమెలిక పడి, పట్టీ చదునుగా ఉంటుంది. అదే స్క్వేర్ ముడి. రెండో సగాన్నీ ఎడమ నుంచే మొదలుపెడితే మెలిక మీద మెలిక చేరుతుంది, పట్టీ తిరగక తప్పదు. ఎప్పుడూ కుడి నుంచే వేస్తే అది ఎదురు దిశలో తిరుగుతుంది.

ముడుల గణితం కూడా ఈ తేడాను ఇలాగే చూస్తుంది. లోపలి తాళ్లు లేకుండా రెండు చివరలను స్క్వేర్ పద్ధతిలో కడితే రీఫ్ నాట్, ఒకే పక్క నుంచి రెండుసార్లు కడితే గ్రానీ నాట్ వస్తుంది. చివరలు కలిపి మూసేస్తే మొదటిది ఒక ఎడమవాటం, ఒక కుడివాటం మూడాకుల ముడుల జోడీ. రెండోది ఒకే వాటం ఉన్న రెండింటి జోడీ. 2020లో ఎంఐటీ పరిశోధకులు, లాగితే రంగు మారే పోగులతో ముడులు వేసి ఒత్తిడి ఎక్కడ పడుతుందో చూశారు. పక్కపక్క మలుపుల్లో పోగులు ఎదురు దిశల్లో మెలిపడాలని చూస్తే అవి ఒకదాన్నొకటి బిగించుకుంటాయి. ఒకే దిశలో తిరిగితే దొర్లి జారతాయి. రీఫ్ నాట్ పట్టుకుని, గ్రానీ నాట్ జారేది అందుకే.

అలాగైతే స్పైరల్ పట్టీ కుండీని మొయ్యలేదా? మోస్తుంది, ఎందుకంటే బరువు పడేది ముడుల మీద కాదు, నిటారుగా దిగే లోపలి తాళ్ల మీద. అందుకే అల్లుతున్నంతసేపూ లోపలి తాళ్లు బిగువుగా ఉండాలి. వాటి చివరలను బల్లకు క్లిప్పుతో పట్టించడం సులువైన మార్గం. అవి వదులుగా ఉన్న పట్టీలో, తడిమట్టి బరువు పడగానే ముడుల మధ్య సందులు తెరుచుకుని పట్టీ సాగుతుంది.

ఇప్పుడు లెక్క. 4 మిల్లీమీటర్ల నూలు తాడుతో, సుమారు 16 సెంటీమీటర్ల వెడల్పున్న కుండీకి నాలుగు కాళ్ల అల్లిక తీసుకుందాం. కాలు అంటే రింగు నుంచి దిగే ఒక్కో పట్టీ. రింగు కింద 5 సెంటీమీటర్లు ఖాళీ, 30 సెంటీమీటర్ల అల్లిక, 25 సెంటీమీటర్ల ఖాళీ, అక్కడ పక్క కాళ్లను కలిపే ముడులు, మరో 12 సెంటీమీటర్ల కింద అన్నీ కలిపి కట్టిన చోటు, చివర 20 సెంటీమీటర్ల కుచ్చు. పక్క తాడు అల్లిన పొడవుకు నాలుగైదు రెట్లు ఖర్చవుతుంది. ఐదు రెట్లు తీసుకుంటే 150, మిగతా దూరానికి 62, కాస్త మిగులు కలిపి 230 సెంటీమీటర్లు. లోపలి తాడు నేరుగా దిగుతుంది కాబట్టి 120 చాలు. తాడును సగానికి మడిచి రింగులో వేస్తాం గనక, 4.6 మీటర్లవి నాలుగు, 2.4 మీటర్లవి నాలుగు కత్తిరించాలి. అడుగున చుట్టి బిగించడానికి ఇంకో మీటరు కలిపితే మొత్తం 29 మీటర్లు. అన్నీ ఒకే పొడవు కోస్తే పక్క తాళ్లు సగంలోనే అయిపోతాయి, లోపలివి అనవసరంగా మిగిలిపోతాయి. తాడు మారితే లెక్కా మారుతుంది. కాబట్టి ముందు 10 సెంటీమీటర్లు అల్లి, పక్క తాడు ఎంత పోయిందో కొలవడం మంచిది.

ఒక్కో కాలిలో పైన 15 సెంటీమీటర్లు స్క్వేర్, కింద 15 స్పైరల్ వేశామనుకుందాం. ఎక్కువ తప్పులు జరిగేది స్క్వేర్ భాగంలో. మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెడితే, తర్వాత ఎటునుంచి వెయ్యాలో గుర్తుండదు. దీనికో నమ్మకమైన ఆధారం ఉంది. స్క్వేర్ ముడిలో ముందు నుంచి పోయేది ఎప్పుడూ ఒకే తాడు. మొదటి సగంలో అది ఎడమ నుంచి కుడికి వెళ్తుంది, రెండో సగంలో అదే కుడి నుంచి తిరిగి ఎడమకు వస్తుంది. కాబట్టి చివరి ముడి ముందువైపు అడ్డంగా కడ్డీలా కనిపించేది ఏ తాడో కొంచెం లాగి చూడండి. అది ఇప్పుడు ఏ పక్కన ఉందో, అక్కడి నుంచే మొదలుపెట్టాలి. దాని చివర రంగుదారం కట్టుకుంటే లాగి చూసే పని కూడా ఉండదు. చదునుగా దిగుతున్న పట్టీ ఒకచోట కాస్త ఒరిగిందంటే, అక్కడ ఒకే పక్క నుంచి వరసగా రెండు సగాలు పడ్డాయన్నమాట. అక్కడి దాకా విప్పాలి, కింద ఎన్ని ముడులు వేసినా ఆ ఒరగడం పోదు.

స్పైరల్‌లో దీనికి పూర్తిగా తిరగబడిన నియమం. అక్కడ తాడును కాదు, పక్కను గుర్తుపెట్టుకోవాలి. ఎడమ నుంచే వేస్తూ పోతే రెండు తాళ్లూ వంతులవారీగా ముందుకొస్తాయి. కొన్ని ముడుల తర్వాత పక్క తాళ్లు ముందూ వెనకా చేరి, వాటిని పక్కలకు లాక్కోవడం కష్టమవుతుంది. అప్పుడు బలవంతంగా వెనక్కి తిప్పకూడదు, మెలిక పూర్తిగా తిరగనిచ్చి పట్టీ రెండో ముఖాన్ని ముందుకు తెచ్చుకోవాలి. వెనక నుంచి చూసినా ఎడమ తాడే ముందు నుంచి పోతున్నట్టు కనిపిస్తుంది, ఎందుకంటే మరమేకు దిశ ఎటు నుంచి చూసినా మారదు. అందుకే ఏ ముఖం మీదనైనా "ఎడమ నుంచి" అనే నియమం చెల్లుతుంది. మధ్యలో ఒక్కటి కుడి నుంచి పడితే మెలిక అక్కడ ఆగి, చిన్న చదును కనిపిస్తుంది.

కింద కాళ్లను కలిపేచోట ఒక మార్పు గమనించాలి. ఒక కాలి కుడివైపు రెండు తాళ్లనూ, పక్క కాలి ఎడమవైపు రెండు తాళ్లనూ తీసుకుంటే, పొడవైన పక్క తాళ్లు మధ్యలోకి, పొట్టి లోపలి తాళ్లు అంచులకు వస్తాయి. ఇప్పుడు ముడి వేసేవి పొట్టివి. పైన 120 సెంటీమీటర్ల లెక్కలో మిగులు ఉంచింది ఇందుకే. ఇక్కడ కుండీ తాళ్లను రెండు పక్కలకూ ఎడంగా నెడుతుంది కాబట్టి భారం ముడి పట్టు మీదే పడుతుంది. సగం ముడితో వదిలేయకుండా కనీసం రెండు పూర్తి స్క్వేర్ ముడులు వెయ్యాలి.

చివరగా, కుండీ ఒరగడం గురించి. కాళ్లన్నింటిలో ముడుల సంఖ్య సమానంగా ఉన్నా, చేతి బిగువు మారితే పొడవు మారుతుంది. కాబట్టి ముడులను లెక్కపెట్టడం కన్నా రింగు నుంచి టేపుతో కొలవడమే సరైనది. నాలుగు కాళ్లలోనూ కలిపే ముడి రింగుకు 60 సెంటీమీటర్ల దూరంలో పడాలి. అర సెంటీమీటరు తేడా వస్తే, కలిపే ముడిని బిగించకముందే పైకో కిందికో జరపొచ్చు. బిగించాక తేడా కనబడితే ఆ ముడిని విప్పి వేసుకోవాలి.