విశాఖలో మరణం, బరంపురంలో దహనం: అపోహలు - వాస్తవాలు

బరంపురంలో శవవాహనం నడుపుతూ, శ్మశానం దగ్గర పనులన్నీ చూసుకుంటాను. ఇక్కడి తెలుగు కుటుంబాలు పెద్ద జబ్బు చేస్తే ఎక్కువగా విశాఖే వెళ్తాయి. అక్కడ ప్రాణం పోతే శరీరాన్ని ఇంటికి తెచ్చుకుంటాం. దూరం సుమారు 270 కిలోమీటర్లు, ఐదారు గంటల ప్రయాణం. మరణం ఆంధ్రాలో, దహనం ఒడిశాలో. జనం ఎక్కువగా పొరపడేది ఇక్కడే.

అపోహ: దహనం ఎక్కడ చేస్తే డెత్ సర్టిఫికెట్ అక్కడే ఇస్తారు.

వాస్తవం: ప్రాణం ఎక్కడ పోయిందో ఆ ప్రాంతపు రిజిస్ట్రారే సర్టిఫికెట్ ఇవ్వాలి. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం చెప్పేది ఇదే. ఆధార్‌లో చిరునామా ఏదైనా, చితి ఎక్కడ పేర్చినా తేడా ఉండదు. ఆసుపత్రిలో పోతే రిజిస్ట్రార్‌కు తెలియజేసే బాధ్యత ఆసుపత్రిదే, ఇంట్లో పోతే ఇంటి పెద్దది.

నాకు తెలిసిన ఒక కుటుంబం సంగతి చెబుతాను. తండ్రికి 68 ఏళ్ళు, కిడ్నీ జబ్బు. విశాఖలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో తెల్లవారుజామున నాలుగింటికి పోయారు. కొడుకులిద్దరూ శరీరాన్ని తెచ్చి ఆ మధ్యాహ్నమే దహనం చేశారు. పెదకర్మ అయ్యాక పెద్దకొడుకు శ్మశానం రసీదు, ఆధార్ పట్టుకుని ఇక్కడి కార్పొరేషన్‌కు వెళ్ళాడు. మరణం విశాఖలో జరిగింది కాబట్టి అక్కడే అడగమన్నారు. రైలెక్కి వెళ్తే అక్కడ నమోదు అయితే ఉంది గానీ పేరు తప్పు. ఆయన పేరులో వెంకట ఉంది. ఒడియా ఉచ్చారణలో 'వ' కాస్తా 'బ' అవుతుంది కాబట్టి ఇక్కడి ఆధార్‌లో బెంకట అని పడింది. బ్యాంకు పుస్తకంలో వెంకట అనే ఉంది. ఆసుపత్రివాళ్ళేమో అడ్మిషన్ రోజు ఎవరో నోటితో చెప్పిన పేరు, ఇంటిపేరు లేకుండా టైపు చేసి పంపారు. మూడు కాగితాల్లో మూడు పేర్లు. బ్యాంకు ఒప్పుకోలేదు. దిద్దుబాటు కూడా నమోదు చేసిన ఆఫీసులోనే జరగాలి కాబట్టి మళ్ళీ రైలు, మళ్ళీ అఫిడవిట్.

అందుకే ఫోన్ రాగానే నేను మొదట చెప్పే మాట ఇదే: "బాబూ, నాన్నగారి దగ్గర అన్నయ్యను ఉండనీ. నువ్వు కౌంటర్ దగ్గరికి వెళ్ళి డెత్ రిపోర్టు స్క్రీన్ మీద చూపించమను." పేరు ఆధార్‌లో ఉన్నట్టు ఇంటిపేరుతో సహా ఉందా, వయసు, భర్త లేదా భార్య పేరు, శాశ్వత చిరునామాలో బరంపురం ఉందా, ఇవన్నీ అక్షరం అక్షరం చూడాలి. బ్యాంకు పుస్తకంలో వేరేగా ఉంటే ఆ సంగతి బ్యాంకులో తర్వాత మాట్లాడుకోవచ్చు, సర్టిఫికెట్ మాత్రం ఆధార్‌తో కలవాలి. మరణ కారణం రాసిన డాక్టర్ సర్టిఫికెట్ కాపీ అడిగి తీసుకోండి. 2023 సవరణ తర్వాత ఆ కాపీ దగ్గరి బంధువుకు ఉచితంగా ఇవ్వాలి. రిపోర్టు ఏ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్తుందో కూడా రాసుకోండి. ఆ దుఃఖంలో పావుగంట కౌంటర్ దగ్గర నిలబడడం ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా అప్పుడే చూసుకోవాలి.

ఇక గడువు. 21 రోజుల్లోపు నమోదుకు రుసుము లేదు. 30 రోజుల్లోపు అయితే ఆలస్య రుసుము కట్టాలి. అది దాటితే పై అధికారి రాతపూర్వక అనుమతి, ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. పెదకర్మ అయ్యేసరికే పన్నెండు రోజులు పోతాయి కాబట్టి ఆసుపత్రి రిపోర్టు పంపిందో లేదో మొదటి వారంలోనే ఫోన్ చేసి అడగండి.

అపోహ: మున్సిపల్ డెత్ సర్టిఫికెట్ లేనిదే శ్మశానంలో దహనం చేయనివ్వరు.

వాస్తవం: ఆ సర్టిఫికెట్ ఆ రోజే చేతికి రాదు, దాని కోసం ఎవరూ ఆగనవసరం లేదు. శ్మశానంలో అడిగేది ఆసుపత్రి ఇచ్చిన మరణ కాగితం, పోయినవారి ఆధార్, దహనం చేయించేవారి ఆధార్. అసలు కాగితాలు జేబులో ఉంచుకుని జిరాక్సులే ఇవ్వండి. ఇక్కడి నుంచి ఒక బంధువు ముందే మశాణికి వెళ్ళి, ఎన్నింటికి వస్తారో చెప్పి, చోటు, కట్టెలు మాట్లాడి పెట్టాలి. ఒక చితికి మూడు నుంచి ఐదు క్వింటాళ్ళ కట్టెలు పడతాయి, వానాకాలంలో పొడి కట్టెలు ఉన్నాయో లేదో కళ్ళతో చూడాలి. గుండెలో పేస్‌మేకర్ ఉంటే ఆసుపత్రిలోనే తీయించండి. మంటలో దాని బ్యాటరీ పేలుతుంది, పక్కన నిలబడేది కాటికాపరి. దహనం అయ్యాక రసీదు తప్పకుండా తీసుకోండి. పేద కుటుంబాలకు ఒడిశా ప్రభుత్వ హరిశ్చంద్ర సహాయతా యోజన కింద దహనం ఖర్చుకు సాయం ఉంది, కార్పొరేషన్‌లో గానీ పంచాయతీలో గానీ అడగాలి.

అపోహ: రాష్ట్రం సరిహద్దు దాటించాలంటే పోలీసు అనుమతి కావాలి, శరీరానికి ఎంబామింగ్ చేయించాలి.

వాస్తవం: జబ్బుతో పోయినవారిని రోడ్డు మీద తీసుకెళ్ళడానికి ఆసుపత్రి కాగితాలు చాలు. ఇచ్ఛాపురం దగ్గర ఎవరైనా ఆపితే అవే చూపిస్తాం. ఎంబామింగ్ అడిగేది విమానంవాళ్ళు. రోడ్డు ప్రమాదం, ఆత్మహత్య, విషం, కాలిన గాయాలు అయితే లెక్క వేరు. పోలీసు పంచనామా, పోస్టుమార్టం అయి, పోలీసులు శరీరాన్ని అప్పగించిన కాగితం చేతికొచ్చాకే బండి కదలాలి.

బండి విషయంలో చూడాల్సింది ఫ్రీజర్ బాక్స్. ఏసీ ఉందంటారు గానీ ఏసీ బండి వేరు, ఫ్రీజర్ వేరు. శరీరాన్ని పెట్టకముందే లోపలి రేకు మీద చెయ్యి పెట్టి చూడండి, చల్లగా కొరకాలి. ఇంజన్ ఆపినా బాక్స్ నడుస్తుందా అని డ్రైవర్‌ను అడగండి, దారిలో టీ కోసం ఆపేది ఖాయం. రెండు మూడు గంటల్లో శరీరం బిగుసుకోవడం మొదలవుతుంది కాబట్టి కళ్ళు మూయడం, దవడకు గుడ్డ కట్టడం, కాళ్ళు చాపి బొటనవేళ్ళు కట్టడం ఆసుపత్రిలోనే చేయించాలి. సూదులు, గొట్టాలు నర్సు తీస్తారు. ఉంగరాలు, గొలుసు అక్కడే తీయించి, ఇంట్లో పెద్దావిడ చేతికి అందరి ముందూ ఇవ్వండి.

అపోహ: ఆశ లేదని డాక్టర్ చెప్పాక డిశ్చార్జి చేయించుకుని బయలుదేరితే దారిలో ప్రాణం పోయినా ఇంట్లో పోయినట్టే.

వాస్తవం: సొంత ఇంట్లో పోవాలని కోరుకునే పెద్దలు ఎందరో, ఆ కోరిక తీర్చాలనుకోవడంలో తప్పు లేదు. కానీ దారిలో ప్రాణం పోతే విశాఖ ఆసుపత్రి రికార్డులో బతికి వెళ్ళినట్టే ఉంటుంది, అక్కడ నమోదు జరగదు. నిబంధన ప్రకారం నడుస్తున్న వాహనంలో మరణిస్తే మొదట ఆగిన చోట ఆ సంగతి తెలియజేయాలి, తెలియజేయాల్సింది వాహనం నడిపించేవారు. అది చేయకుండా నేరుగా బరంపురం వస్తే తర్వాత విశాఖ, శ్రీకాకుళం జిల్లా, బరంపురం మూడూ మాది కాదంటాయి.

కాబట్టి బయలుదేరేముందే డిశ్చార్జి సమ్మరీ, మందుల చీటీలు పైన పెట్టుకోండి. నర్సు ఉన్న అంబులెన్సే మాట్లాడండి. ఊపిరి ఆగితే దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రి దగ్గర ఆపించి, డాక్టర్ చూసి మరణించారని రాసిచ్చాకే మళ్ళీ బండి ఎక్కండి. ఒక గంట ఆలస్యమవుతుంది. జబ్బు కాగితాలు చూసి కూడా అనుమానం ఉంటే వాళ్ళు పోలీసులకు చెప్పొచ్చు, ఆ సంగతి ఇంట్లోవాళ్ళకు ముందే చెప్పి ఉంచండి. నేను తోలే బండిలో అలా జరిగితే ఆపకుండా ముందుకు వెళ్ళను, కుటుంబం ఎంత ఏడ్చినా సరే.