మూలికే కదా అని వేసుకుంటే

ఒక పాఠకుడు అడిగారు: "గుండె వాల్వు మార్చారు, రక్తం గడ్డకట్టకుండా రోజూ వార్ఫరిన్ వేసుకుంటున్నాను. మా అబ్బాయి అమెరికా నుంచి 'మూడ్ బాగుంటుంది' అని సెయింట్ జాన్స్ వర్ట్ సీసా పంపాడు. మూలికే కదా, వేసుకోవచ్చా?"

వద్దండీ. పసుపు పూల చిన్న మొక్క అది. ఐరోపాలో ఒకప్పుడు దయ్యాలు రాకుండా గుమ్మాలకి కట్టేవారు, మనం గుమ్మడికాయ కట్టినట్టు. తేలికపాటి డిప్రెషన్‌కి అది పనిచేస్తుందని పరీక్షల్లో తేలింది కూడా. పనిచేసే మందు కాబట్టే మిగతా మందులతో పేచీ పెట్టుకుంటుంది.

అందులోని హైపర్‌ఫోరిన్ లివర్ కణాల్లో పీఎక్స్‌ఆర్ అనే ప్రొటీన్‌కి అతుక్కుంటుంది. దాన్ని మేస్త్రీ అనుకోండి. ఒంట్లోకి కొత్త సరుకు వచ్చిందని అనిపించగానే ఎక్కువమంది కూలీలని పెడుతుంది. ఆ కూలీలే ఎంజైములు. వార్ఫరిన్‌ని విరగ్గొట్టే సీవైపీ2సీ9 కూడా వాళ్లలో ఉంటుంది. ఇదివరకు ముగ్గురు చేసే పనికి ఇప్పుడు ఆరుగురు దిగారనుకోండి, మాత్ర తన పని చేసేలోపే ఖర్చయిపోతుంది.

ఇదంతా ఒక్కరోజులో జరగదు. కూలీలు కూడడానికి రెండు వారాల దాకా పట్టొచ్చు. మోసమంతా ఇక్కడే ఉంది. లెక్క వేసి చూద్దాం. రక్తం గడ్డకట్టడానికి ఎంత సమయం పడుతుందో చెప్పే అంకె ఐఎన్‌ఆర్; అది తగ్గితే గడ్డల భయం, పెరిగితే రక్తస్రావం భయం. మీ ఐఎన్‌ఆర్ 2.8 ఉందనుకుందాం. మొదటి మూడు రోజులూ ఏమీ కాకపోవడంతో ధైర్యం వస్తుంది. మూడో వారానికి 1.7కి పడుతుంది, వాల్వు మీద గడ్డ కట్టే భయం మొదలవుతుంది. మూలిక సంగతి తెలియని డాక్టరు గారు 5 మిల్లీగ్రాముల మాత్రని 7 చేస్తారు. ఐఎన్‌ఆర్ సర్దుకుంటుంది. ఈలోగా సీసా అయిపోతుంది. మేస్త్రీ పిలవడం మానినా, ఉన్న కూలీలు వెళ్లడానికి మళ్లీ ఒకటి రెండు వారాలు పడుతుంది. వాళ్లు వెళ్లాక 7 మిల్లీగ్రాములు మీకు ఎక్కువవుతుంది. ఐఎన్‌ఆర్ 5 దాటొచ్చు. చిగుళ్ల నుంచి రక్తం, తారులాంటి నల్ల విరేచనం, కారణం తెలియని కమిలిన మచ్చలు అప్పుడు కనిపిస్తాయి. మూలిక ఆపేసిన తరువాత వచ్చిన రక్తస్రావం కాబట్టి దాని మీద ఎవరికీ అనుమానం రాదు.

అందుకే ఇప్పటికే వాడుతుంటే మీ అంతట మీరు ఆపేసి ఊరుకోకండి. సీసా చేత్తో పట్టుకెళ్లి చూపించండి. తరువాత కొన్ని వారాలు ఐఎన్‌ఆర్ దగ్గర దగ్గరగా చూపించుకోవాలి.

సెర్ట్రలిన్, ఎసిటలోప్రామ్ లాంటి డిప్రెషన్ మాత్రలతో తగాదా వేరే రకం. అక్కడ లివర్‌ కోసం ఆగదు. ఆ మాత్రలూ ఈ మూలికా రెండూ మెదడులో సెరటోనిన్ అనే రసాయనాన్ని వెనక్కి తీసుకునే దారినే అడ్డగిస్తాయి, దాంతో అది మరీ ఎక్కువైపోతుంది. కాళ్లు అదరడం, వణుకు, చెమటలు, స్థిమితం లేకపోవడం, గుండె దడ కనిపిస్తే "టెన్షన్ ఎక్కువైంది" అని ఇంకో మాత్ర మింగకండి. జ్వరం, కండరాలు బిగుసుకుపోవడం తోడైతే నేరుగా ఆస్పత్రికి వెళ్లాలి. ఫ్లుయాక్సెటిన్ అయితే ఆపిన తరువాత కూడా ఐదు వారాల దాకా ఒంట్లో ఉంటుంది కాబట్టి, "నిన్ననే ఆపేశానుగా" అన్న మాట చెల్లదు.

ఇంకొకటి. సీసా మీద హైపెరికం అని ఉన్నా అది ఈ మొక్కే.