140 ఎక్కడ జారిపోతుంది: బీపీ కొలతలో పాదరసం, కిలోపాస్కల్

వైద్య పత్రిక బీపీని కిలోపాస్కళ్లలో ఇమ్మంటే రచయితలు సాధారణంగా ఒక అంకెతో గుణించి పట్టికను పంపేస్తారు. గుణకారం సరిగ్గానే ఉంటుంది. అయినా కొందరు రోగులు ‘అధిక రక్తపోటు’ గుంపులోంచి బయటికి వచ్చేస్తారు. అదెలా జరుగుతుందో తెలియాలంటే పాదరసం ఇక్కడికి ఎలా వచ్చిందో ముందు చూడాలి.

స్టీఫెన్ హేల్స్ గుర్రపు ధమనిలో గాజు గొట్టం అమర్చి చేసిన ప్రయోగాన్ని 1733లో ప్రచురించాడు. ఆ గొట్టంలో నెత్తురు ఎనిమిది అడుగులకు పైగా ఎగబాకింది. అంత పొడవు గొట్టంతో రోజూ కొలవడం కుదిరే పని కాదు. 1828లో ఫ్రాన్స్‌లో ప్వాజెయ్ నెత్తురు బదులు పాదరసాన్ని వాడాడు. అది నీటికన్నా 13.6 రెట్లు బరువు కాబట్టి చిన్న గొట్టం చాలింది. 1896లో రివా రోచ్చి చేతికి చుట్టే పట్టీని, పాదరసం గొట్టాన్ని కలిపాడు. 1905లో కొరోట్కోవ్ స్టెతస్కోప్‌తో చప్పుళ్లు వినే పద్ధతి చూపించాడు. డాక్టరు కళ్లెదుట లేచే పాదరసం ఎత్తే బీపీ. అందుకే మిల్లీమీటర్లు వైద్యుల నోట్లో అంతగా నాటుకుపోయాయి.

1971లో ఒత్తిడి ప్రమాణానికి పాస్కల్ అనే పేరు ఖరారైంది. 1977లో ప్రపంచ ఆరోగ్య సభ వైద్యంలో ఎస్ఐ ప్రమాణాలు వాడాలని సిఫారసు చేస్తూనే, బీపీకి మాత్రం పాదరసం కొలతను కిలోపాస్కల్ పక్కన కొనసాగనిచ్చింది. చైనా గట్టిగా ముందుకెళ్లి 1980లలో కిలోపాస్కళ్లకు మారింది. 1998లో మళ్లీ పాదరసాన్ని అనుమతించింది. అక్కడి పత్రికల్లో ఇప్పటికీ తొలి ప్రస్తావన దగ్గర 1 mmHg = 0.133 kPa అని రాయడం ఆ ప్రయాణానికి మిగిలిన గుర్తు. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ కూడా, పత్రిక ప్రత్యేకంగా వేరే అడిగితే తప్ప, బీపీని పాదరసంలోనే ఇమ్మంటుంది. నా దృష్టిలో అది సరైన నిర్ణయం. చికిత్స గీతలన్నీ 140, 90 లాంటి గుండ్రటి అంకెల మీదే ఉన్నాయి. కిలోపాస్కళ్లలో ఆ గుండ్రదనం ఉండదు.

ఇప్పుడు ఆ గీతనే మార్చి చూద్దాం.

```
1 mmHg = 0.133322 kPa
140 × 0.133322 = 18.665
```

ఒక దశాంశానికి సవరిస్తే 18.7. రచయిత ‘18.7, ఆపైన’ అని గీత పెట్టి, సవరించని రీడింగులను దానితో పోల్చాడనుకోండి. సరిగ్గా 140 ఉన్న రోగి విలువ 18.665. అది 18.7 కన్నా తక్కువ కాబట్టి అతను గుంపులోంచి పోతాడు. ఒకరిద్దరితో ఆగితే పట్టించుకోనక్కర్లేదు. కానీ చేత్తో కొలిచేవాళ్లు చివర సున్నా వచ్చేలా రాయడం అందరికీ తెలిసిన అలవాటు. అందుకే 130, 140, 150 దగ్గర రోగులు గుమిగూడి ఉంటారు. గీత జరిగేది కూడా సరిగ్గా ఆ గుంపు మీదే.

గుణకాన్ని కుదించినా చిక్కే. 0.133 తీసుకుంటే 140 కాస్తా 18.62 అవుతుంది, సవరిస్తే 18.6. ఒకే వ్యాసంలో పట్టికకు ఒక గుణకం, గీతకు మరో గుణకం వాడినా మనుషులు అటూ ఇటూ జారతారు. ఇక దశాంశమే లేకుండా రాస్తే 139 నుంచి 146 దాకా ఎనిమిది రీడింగులూ 19గా కలిసిపోతాయి. ఒక్క దశాంశం ఉంచితే ఏ రెండు పూర్ణాంక రీడింగులూ కలవవు, ఎందుకంటే ఒక మిల్లీమీటరు 0.1 కన్నా పెద్దది. అంతకు మించి దశాంశాలు రాస్తే పరికరానికి లేని కచ్చితత్వాన్ని అంటగట్టినట్టే.

సగటుకు, ప్రామాణిక విచలనానికి ఒకే గుణకం పనిచేస్తుంది. 142.6 సగటు, 15.2 విచలనం ఉంటే అవి 19.0, 2.0 అవుతాయి. విచలనాన్ని వర్గం చేసి ఇచ్చినచోట మాత్రం గుణకాన్నీ వర్గం చేయాలి. ఎక్కువమంది తప్పేది ప్రమాద నిష్పత్తి దగ్గర. ‘ప్రతి 10 మిల్లీమీటర్లకు 1.20’ అన్నదాన్ని దేంతోనూ గుణించకూడదు. ఒక కిలోపాస్కల్ అంటే దాదాపు 7.5 మిల్లీమీటర్లు కాబట్టి 1.20ని 0.75 ఘాతానికి పెంచాలి. అప్పుడు ప్రతి కిలోపాస్కల్‌కు 1.15 వస్తుంది.

తప్పు జరిగిందో లేదో పట్టుకోవడం తేలికే. ప్రతి గుంపులోని రోగుల సంఖ్యను మార్పుకు ముందు, తర్వాత పక్కపక్కన పెట్టి చూడాలి. ఒక్క మనిషి తేడా వచ్చినా గీత జరిగిందనే అర్థం. అందుకే నేను గుంపులు విడదీయడం, లెక్కలు కట్టడం అంతా మొదటి రీడింగుల మీదే పూర్తిచేసి, కిలోపాస్కళ్లను పట్టిక అచ్చుకు సిద్ధమయ్యాకే రాస్తాను. గీతను మాత్రం రెండు కొలతల్లోనూ చూపిస్తాను: 140 మిల్లీమీటర్ల పాదరసం, పక్కన 18.7 కిలోపాస్కళ్లు.