సగమే తెలిసిన రోగిని ఎలా లెక్కపెట్టాలి? సర్వైవల్ కర్వ్ వెనక కథ

ఒక మందు ఎంతకాలం జబ్బును ఆపుతుందో తేల్చే ట్రయల్‌లో రోగులందరూ ఒకేరోజు చేరరు. లెక్క చూసే రోజుకి కొందరికి జబ్బు తిరగబెట్టి ఉంటుంది, కొందరు బాగానే ఉంటారు, కొందరు మధ్యలోనే రావడం మానేసి ఉంటారు. ఈ చివరి రెండు రకాలవాళ్ల గురించి మనకు తెలిసింది ‘ఇన్ని వారాల దాకా ఏమీ కాలేదు’ అన్నంతవరకే. ఇలాంటివాటినే సెన్సార్డ్ పరిశీలనలు అంటారు. వీటిని ఏం చేయాలన్నది చాలాకాలం తేలని ప్రశ్న.

1926లో బ్రిటన్‌కు చెందిన మేజర్ గ్రీన్‌వుడ్, క్యాన్సర్ రోగులు ఎంతకాలం బతుకుతారన్న దానిపై ఒక నివేదిక రాశాడు. 1950లో మేయో క్లినిక్‌కు చెందిన బెర్క్సన్, గేజ్ ఇన్సూరెన్స్ వాళ్ల పట్టికల పద్ధతిని రోగులకు వాడారు. కాలాన్ని ఏడాది చొప్పున ముక్కలు చేసి, ఆ ఏడాది మధ్యలో ఫాలో-అప్ ఆగిపోయినవాళ్లను సగం మనిషి కింద లెక్కేశారు. వేలమంది ఉంటే ఇది నడుస్తుంది. ఇరవై మందే ఉన్నప్పుడు, ముక్కను ఎక్కడ కోశామన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది.

1952లో జాన్స్ హాప్కిన్స్‌లో ఉన్న పాల్ మేయర్, గ్రీన్‌వుడ్ నివేదిక చదివి ఈ సమస్య పట్టుకున్నాడు. మరుసటి ఏడాది బెల్ ల్యాబ్స్‌లో ఎడ్వర్డ్ కాప్లన్‌కు ఇదే సమస్య ఎదురైంది, కానీ రోగులతో కాదు. సముద్రం అడుగున వేసే టెలిఫోన్ కేబుళ్లలోని వాక్యూమ్ ట్యూబులు ఎన్నాళ్లు పనిచేస్తాయన్నది అతని ప్రశ్న. కాప్లన్ తన రాతప్రతిని గణాంకవేత్త జాన్ ట్యూకీకి చూపిస్తే, మేయర్ కూడా ఇదే పనిలో ఉన్నాడని ఆయన చెప్పాడు. ఇద్దరూ విడివిడిగా పంపిన పేపర్లను కలిపి ఒకటిగా రాయమని పత్రిక కోరింది. ఇద్దరి దారులూ వేరు కావడంతో నాలుగేళ్లు ఉత్తరాలు నడిచాయి. ఈలోగా ఇంకెవరైనా ప్రచురించేస్తారేమోనన్న టెన్షన్ కూడా ఉండేదట. పేపర్ 1958లో వచ్చింది.

వాళ్ల ఉపాయం ఇది: కాలాన్ని మన ఇష్టప్రకారం ముక్కలు చేయొద్దు. జబ్బు తిరగబెట్టిన ప్రతి సమయం దగ్గరా ఆగి, అప్పటికి ఫాలో-అప్‌లో ఉన్నవాళ్లలో ఎంతమంది దాన్ని దాటారో చూసి, ఆ భిన్నాలను వరసగా గుణించుకుంటూ పోవాలి. ఒక్కో సమయానికి వచ్చిన ఫలితాన్ని గ్రాఫ్ మీద పెడితే మెట్లుమెట్లుగా దిగే గీత వస్తుంది, అదే సర్వైవల్ కర్వ్.

1963లో వెలువడిన ఒక ల్యుకేమియా ట్రయల్ దీనికి మంచి ఉదాహరణ. 6-మెర్కాప్టోప్యూరిన్ అనే మందు తీసుకున్న 21 మంది ఎన్ని వారాలు రెమిషన్‌లో, అంటే జబ్బు తిరగబెట్టకుండా, ఉన్నారో చూడండి. ప్లస్ గుర్తు ఉన్నవి సెన్సార్డ్.

6, 6, 6, 6+, 7, 9+, 10, 10+, 11+, 13, 16, 17+, 19+, 20+, 22, 23, 25+, 32+, 32+, 34+, 35+

6వ వారంలో 21 మందిలో ముగ్గురికి జబ్బు తిరగబెట్టింది. కాబట్టి 18/21, అంటే 0.857. అదే వారం సెన్సార్ అయిన మనిషిని ఈ 21లో కలుపుకుంటాం, ఆ తర్వాతే తీసేస్తాం. 7వ వారానికి మిగిలింది 17 మంది, ఒకరు పోతే 16/17. ముందు వచ్చిన 0.857తో గుణిస్తే 0.807. 9వ వారంలో ఒకరు సెన్సార్ అయ్యారు. గీత అక్కడ దిగదు, కానీ 10వ వారం దగ్గర కింద ఉండే సంఖ్య 16కు బదులు 15 అవుతుంది: 14/15, ఫలితం 0.753. సెన్సార్ అయిన మనిషి తానున్నంతకాలం హారంలో ఉంటాడు, వెళ్లాక ఉండడు. అతని గురించి తెలిసినదంతా లెక్కలోకి వచ్చింది, తెలియనిదేదీ రాలేదు. ఇలాగే పోతే 13, 16, 22 వారాల దగ్గర 0.690, 0.627, 0.538, 23 దగ్గర 0.448 వస్తాయి. గీత సగానికి దిగింది 23వ వారంలో కాబట్టి మీడియన్ 23 వారాలు. అదే ట్రయల్‌లో మందు బదులు ఉత్తుత్తి మాత్ర తీసుకున్న ప్లాసిబో గుంపులో అది 8.

ప్లస్ గుర్తున్న 12 మందినీ కొట్టేసి ఉంటే? మిగిలిన 9 మంది మీడియన్ 10 వారాలు, 23వ వారానికి రెమిషన్‌లో ఎవరూ లేనట్టు. మందు దాదాపు దండగ అనిపించేది. పోనీ ఆ 12 మందికీ ఎప్పటికీ తిరగబెట్టదని అనుకుంటే 12/21, అంటే 57 శాతం. అసలు అంచనా 45 శాతమే.

అయితే ఈ లెక్కంతా ఒక నమ్మకం మీద నిలబడింది. సెన్సార్ అయినవాళ్లకు ఇకపై ఉండే ముప్పు, ఫాలో-అప్‌లో మిగిలినవాళ్లకు ఉన్నంతే ఉండాలి. ట్రయల్ ముగిసినందువల్ల సెన్సార్ అయితే సాధారణంగా పర్వాలేదు. ఒంట్లో బాగోలేక ఆస్పత్రికి రావడం మానేస్తే మాత్రం గీత ఉన్నదానికంటే ఎత్తుగా కనిపిస్తుంది. గీతను చూసి దీన్ని పట్టుకోలేం. ఎవరు ఎందుకు మానేశారో రికార్డుల్లో వెతకాలి, మానేసేముందు వాళ్ల పరిస్థితిని మిగతావాళ్లతో పోల్చాలి.

గీత తోక దగ్గర ఇంకో చిక్కు. పై ఉదాహరణలో 23 నుంచి 35వ వారం దాకా గీత సమంగా సాగుతుంది. దాన్ని చూసి మిగిలినవాళ్లకు నయమైపోయిందని అనుకోకూడదు. 23 తర్వాత ఫాలో-అప్‌లో ఉన్నది ఐదుగురే. 35వ వారానికి ఒక్కరే. ఆ ఒక్కరికి అప్పుడు జబ్బు తిరగబెట్టి ఉంటే 0/1తో గుణించాల్సి వచ్చి, గీత 0.448 నుంచి నేరుగా సున్నాకు పడిపోయేది.