అపోహలు - వాస్తవాలు: వైరల్, ట్రెండ్, హ్యాండిల్, ఫీడ్, ట్రోల్ మాటల పాత అర్థాలు

ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి అనువాదాలు చేయడం నా వృత్తి. సోషల్ మీడియా మీద కథనాలు, యాప్‌ల సహాయ పేజీలు, స్కూలు పిల్లలకి ఆన్‌లైన్ జాగ్రత్తలు చెప్పే కరపత్రాలు నా దగ్గరికి ఎక్కువగా వస్తుంటాయి. ఈమధ్య మాతో కొత్తగా పనిలో చేరిన అమ్మాయి అలాంటి కరపత్రం ఒకటి పట్టుకొచ్చింది. అందులో "డోంట్ ఫీడ్ ద ట్రోల్స్" అనే వాక్యం ఉంది. తను దాన్ని "భూతాలకి ఆహారం పెట్టకండి" అని రాసింది. "మేడమ్, నిఘంటువు చూసే రాశాను. కానీ చదివితే ఏదో తేడాగా ఉంది" అంది.

తేడా ఎక్కడుందో చెప్పడానికి మాకు ఒక మధ్యాహ్నం పట్టింది. ఈ మాటలన్నిటికీ సోషల్ మీడియా కంటే ముందే వేరే బతుకు ఉంది. ఆ పాత అర్థంలో ఏ ముక్క కొత్త అర్థంలోకి వచ్చిందో తెలియకపోతే అనువాదం తప్పుతుంది. ఆ రోజు మాట్లాడుకున్నవే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఎక్కువమంది చూస్తే అది వైరల్.

వాస్తవం: వైరల్ అనే మాట చెప్పేది ఎంతమంది చూశారన్నది కాదు, ఒకరి నుంచి ఒకరికి ఎలా పాకిందన్నది.

లాటిన్‌లో వైరస్ అంటే విషం. మన విషం సంస్కృతం నుంచి వచ్చింది. ఆ సంస్కృత పదం, ఈ లాటిన్ పదం ఒకే మూలం నుంచి పుట్టిన అక్కాచెల్లెళ్లు. వానాకాలంలో మన పత్రికలు వైరల్ ఫీవర్లని "విషజ్వరాలు" అని రాస్తాయి. రాసేవాళ్లకి తెలిసినా తెలియకపోయినా, అది మూలానికి చాలా దగ్గరి అనువాదం. 1892లో ఇవనోవ్‌స్కీ, 1898లో బైయరింక్ అనే శాస్త్రవేత్తలు పొగాకు ఆకుల తెగులు మీద పనిచేసి, సన్నటి వడపోతల్లోంచి కూడా జారిపోయే అంటుపదార్థం ఒకటుందని చూపించారు. వైరస్ అనే మాట ఇప్పటి అర్థంలో స్థిరపడింది ఆ తర్వాతే.

వ్యాపారంలోకి ఈ మాట ప్రధానంగా హాట్‌మెయిల్ కథతో వచ్చింది. సబీర్ భాటియా, జాక్ స్మిత్ దాన్ని 1996 జులై 4న మొదలుపెట్టారు. ఆ సర్వీసు వాడి పంపిన ప్రతి మెయిల్ అడుగునా, మీరు కూడా ఉచితంగా ఖాతా తెరవండి అనే ఒక వాక్యం ఉండేది. అంటే వాడినవాళ్లే తెలియకుండా అంటించేవాళ్లయ్యారు. పెట్టుబడి పెట్టినవాళ్లు ఈ పద్ధతిని వైరల్ మార్కెటింగ్ అన్నారు. అంటువ్యాధి నుంచి వాళ్లు తీసుకున్న ముక్క అదొక్కటే, అంటుకోవడం.

ఒక లెక్క వేసి చూద్దాం. ఒక వీడియో చూసిన ప్రతి ఒక్కరూ సగటున ఇద్దరికి పంపితే, పదో విడతలో 1024 మందికి కొత్తగా చేరుతుంది, ఇంకా పెరుగుతూనే ఉంటుంది. అదే సగటు 0.9 అయితే? వెయ్యిమందితో మొదలుపెట్టినా మొత్తం పదివేల దగ్గర ఆగిపోతుంది. ఇక పది లక్షల మంది అనుసరించే సినిమా తార పోస్టు పెడితే, ఎవరూ ఎవరికీ పంపకుండానే లెక్క లక్షలు దాటుతుంది. మొదటిది వైరల్. చివరిది మైకులో చెప్పడం లాంటిది.

ఈ తేడాని మన ఫోన్‌లోనే చూడొచ్చు. వాట్సాప్‌లో కొన్ని మెసేజీల మీద రెండు బాణాల గుర్తు కనిపిస్తుంది. మొదట పంపినవాళ్ల నుంచి కనీసం అయిదు చేతులు మారి వచ్చిందని దాని అర్థం. అది తలలు లెక్కపెట్టడం లేదు, గొలుసు పొడవు కొలుస్తోంది. 2020 ఏప్రిల్ నుంచి అలాంటి మెసేజ్‌ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తున్నారు. పైన లెక్కలో ఉన్న రెండుని కిందికి లాగే ప్రయత్నమే అది.

అపోహ: ట్రెండ్ అవుతోందంటే ఈరోజు అన్నిటికంటే ఎక్కువ మంది దాని గురించే మాట్లాడుతున్నారు.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ కానక్కర్లేదు. అకస్మాత్తుగా పెరిగితే చాలు.

పాత ఇంగ్లిష్‌లో ఈ మాటకి దొర్లడం, తిరగడం అని అర్థం. తర్వాత నది, తీరం ఏ వైపుకి సాగుతున్నాయో చెప్పడానికి వాడారు. భూగోళ పుస్తకాల్లో ఇప్పటికీ ఆ వాడుక ఉంది. కృష్ణా డెల్టా దాటాక మన తీరం ఇచ్ఛాపురం వరకు ఈశాన్యంగా సాగుతుంది కదా, ఆ సాగే దిశనే ట్రెండ్ అంటారు. గణాంకాల వాళ్లూ దీన్నే తీసుకున్నారు. ఏళ్ల తరబడి వానల లెక్క వేసి, ఎగుడుదిగుళ్లన్నీ పక్కనపెట్టాక మిగిలే దిశ వాళ్లకి ట్రెండ్. ఒక్కరోజు కుంభవృష్టి వాళ్ల లెక్కలో ట్రెండ్ కాదు, పక్కనపెట్టాల్సిన ఎగుడు.

సోషల్ మీడియా దీన్ని తలకిందులు చేసింది. 2010లో ట్విటర్ స్వయంగా వివరణ ఇచ్చింది. ఒక అంశం ట్రెండ్స్‌లో ఎందుకు లేదని అడిగినవాళ్లకి, తాము చూసేది కొత్తదనాన్ని, వేగంగా పెరగడాన్ని అని, మొత్తం సంఖ్య ఒక్కటే సరిపోదని చెప్పింది. ఉదాహరణకి ఒక ట్యాగ్ మీద రోజూ గంటకి పదివేల పోస్టులు పడుతున్నాయనుకోండి. ఇంకోదాని మీద మామూలుగా యాభై పడేవి, ఈ గంటలో మూడువేలు పడ్డాయి. జాబితాలో పైకొచ్చే అవకాశం రెండోదానికే ఎక్కువ.

మన హీరోల అభిమాన సంఘాలకి ఇది బాగా తెలుసు. పుట్టినరోజు ట్యాగ్‌ని ముందే బయటపెట్టరు. ఫలానా సాయంత్రం ఆరింటికి అని టైమ్ ప్రకటించి, అందరూ ఒక్కసారిగా మొదలుపెడతారు. ముందే లీకైతే టెన్షన్ పడతారు, ఎందుకంటే పోస్టులు మెల్లగా పెరిగితే ఆ ఊపు కనిపించదు. "ట్రెండ్ చేద్దాం" అనే మాట కూడా ఇలాగే వాడుకలోకి వచ్చింది. తీరం తనంతట తాను సాగుతుంది, దాన్నెవరూ సాగించరు. ఇప్పుడు ట్రెండ్ అనేది మనుషులు కూడబలుక్కుని చేసే పని. అందుకే నేను గణాంకాల వ్యాసాల్లో "ధోరణి" అని రాస్తాను, సోషల్ మీడియా విషయంలో ట్రెండ్ అనే ఉంచేస్తాను. రెండింటికీ ఒకే తెలుగు మాట పెడితే చదివేవాళ్లు మోసపోతారు.

అపోహ: అకౌంట్‌ని ఎవరో ఒకరు హ్యాండిల్ చేస్తారు కాబట్టి దాన్ని హ్యాండిల్ అంటారు.

వాస్తవం: మనం "ఆ పని నేను హ్యాండిల్ చేస్తా" అంటుంటాం కాబట్టి ఇలా అనిపించడం సహజం. కానీ ఇక్కడి హ్యాండిల్ క్రియ కాదు, పిడి. 19వ శతాబ్దపు ఇంగ్లిష్‌లో సర్, లార్డ్ లాంటి బిరుదుని "పేరుకి పిడి" అనేవాళ్లు. క్రమంగా పేరునే పిడి అనడం మొదలైంది. 1970ల్లో అమెరికా లారీ డ్రైవర్లు దీన్ని తమది చేసుకున్నారు. 1973 చమురు సంక్షోభం తర్వాత హైవేల మీద వేగ పరిమితి గంటకి 55 మైళ్లకి తగ్గింది. ఎక్కడ డీజిల్ దొరుకుతోంది, ఎక్కడ పోలీసులు మాటువేశారు అని వాళ్లు చిన్న రేడియోల్లో చెప్పుకునేవాళ్లు. సొంత పేరు చెబితే చిక్కు, అందుకని మారుపేరు పెట్టుకునేవాళ్లు. అదే హ్యాండిల్. అధ్యక్షుడి భార్య బెట్టీ ఫోర్డ్‌కి కూడా "ఫస్ట్ మామా" అనే హ్యాండిల్ ఉండేది. ఇప్పుడు ప్రభుత్వ శాఖలు "అధికారిక హ్యాండిల్" అంటున్నాయి. ఆ డ్రైవర్ల చెవికి ఆ రెండు మాటలూ పక్కపక్కన ఇమడవు.

అపోహ: ఫీడ్ అంటే మనం ఎంచుకున్న విషయాల జాబితా.

వాస్తవం: ఒకప్పుడు దాదాపు అంతే. 1999లో వెబ్‌సైట్ల కొత్త రాతల్ని పాఠకుడికి చేరవేసే ఆర్ఎస్ఎస్ అనే పద్ధతి వచ్చినప్పుడు ఫీడ్ అనేది ఒక్కో సైటుది. ఏ సైటు ఫీడ్ కావాలో పాఠకుడే పెట్టుకునేవాడు, కొత్తది వస్తే వరసగా వచ్చి పడేది. యంత్రంలోకి కాగితమో దారమో ఆగకుండా అందించడాన్ని ఫీడ్ అనేవాళ్లు, ఆ పోలికే ఇది. 2006 సెప్టెంబరులో ఫేస్‌బుక్ న్యూస్ ఫీడ్ పెట్టాక, ఫీడ్ సైటుది కాకుండా చూసే మనిషిది అయింది. ఏది ముందు, ఏది వెనక అన్నది కంపెనీ చేతిలోకి పోయింది.

భీమవరం చుట్టుపక్కల ఫీడ్ అంటే రొయ్యల మేత. మేత ఏది, ఎంత, ఏ టైముకి అన్నది చెరువు రైతు నిర్ణయిస్తాడు, రొయ్య కాదు. వేసిన మేత తింటున్నాయో లేదో చెక్ ట్రే పైకెత్తి చూసి, తర్వాతి పూట పెంచుతాడు, తగ్గిస్తాడు. ఇప్పటి ఫీడ్ కూడా మనం ఏ వీడియో దగ్గర ఎంతసేపు ఆగామో చూసి తర్వాతిది వేస్తుంది. నాకు తెలిసినంతలో ఇంతకంటే దగ్గరి పోలిక లేదు.

అపోహ: ట్రోల్ అంటే స్కాండినేవియా కథల్లోని భూతం.

వాస్తవం: ఆ అమ్మాయి చిక్కుకున్నది ఇక్కడే. ఇంగ్లిష్‌లో రెండు ట్రోల్స్ ఉన్నాయి. ఒకటి నార్వే, స్వీడన్ జానపద కథల్లో కొండల్లో, వంతెనల కింద ఉండే వికార రూపం. రెండోది చేపలవేటలో మాట. నెమ్మదిగా సాగే పడవ వెనక ఎర కట్టిన గాలం నీళ్లలో లాగుతూ పోవడం. మన రేవుల్లో ట్రాలర్లు లాగేది వల, అది వేరే మాట. వియత్నాం యుద్ధంలో అమెరికా పైలట్లు శత్రు విమానాలని ఊరించి బయటికి రప్పించడాన్ని కూడా ట్రోలింగ్ అనేవాళ్లు.

ఇంటర్నెట్‌లోకి ఇది యూజ్‌నెట్ అనే పాత చర్చా వేదిక ద్వారా వచ్చింది. 1990ల మొదట్లో alt.folklore.urban అనే చర్చా బృందంలో పాతవాళ్లు ఉండేవాళ్లు, కొత్తవాళ్లు వచ్చి చేరేవాళ్లు. పాతవాళ్లలో ఒకరు కావాలని అరిగిపోయిన తప్పుడు మాట ఒకటి వదిలేవాళ్లు. ఎలాంటిదంటే, "గాజు నిజానికి ద్రవం, మెల్లగా కిందికి కారుతుంది, అందుకే పాత చర్చిల అద్దాలు అడుగున మందంగా ఉంటాయి" లాంటిది. ఇది తప్పని పాతవాళ్లందరికీ తెలుసు. ఆ రోజుల్లో అద్దాలు సమంగా తయారయ్యేవి కావు, అంతే. కొత్తగా వచ్చిన మనిషి ఉత్సాహంగా పేరాలు పేరాలు రాసి సరిదిద్దబోతే ఎర కొరికినట్టే. ఆ పోస్టునీ ట్రోల్ అన్నారు, వేసినవాళ్లనీ ట్రోల్ అన్నారు. మనిషిని అనడం మొదలయ్యాక, అక్షరాలు ఒకటే కాబట్టి భూతం బొమ్మ వచ్చి పైన కూర్చుంది. ఎర మరుగున పడింది.

తెలుగులో ఇంకో మలుపు తిరిగింది. మనం "ఆ డైలాగ్‌ని ట్రోల్ చేశారు" అంటే, నలుగురూ కలిసి మీమ్స్ వేసి వెక్కిరించారని. పాత పద్ధతిలో అవతలివాళ్లు జవాబిస్తేనే ట్రోల్ ఫలించినట్టు. మన వాడుకలో వాళ్లు జవాబివ్వకపోయినా, అసలు చూడకపోయినా ట్రోలింగ్ జరిగిపోతుంది. అందుకే ఇంగ్లిష్ కథనంలో ట్రోల్ కనిపించగానే నేను ఒకటి వెతుకుతాను, అక్కడ జవాబు రాబట్టే ఉద్దేశం ఉందా లేదా అని. ఉంటే "రెచ్చగొట్టడం", లేకపోతే "వెక్కిరింపు". ఒక మనిషిని వెంటపడి బెదిరిస్తుంటే రెండూ కాదు, దానికి "వేధింపు" అనే రాయాలి. అక్కడ ట్రోలింగ్ అని రాస్తే నేరం ఆటలా కనిపిస్తుంది.

ఇక ఆ కరపత్రం వాక్యం. అందులో ఫీడ్ పాత అర్థంలోనే ఉంది, మేత వేయడం. ట్రోల్ మాత్రం భూతం వేషంలో ఉన్న గాలగాడు. "గాలం వేసేవాళ్లకి ఎర కొరకొద్దు" అని మొదట రాశాం, వాక్యం కుంటింది. చివరికి "రెచ్చగొట్టేవాళ్లకి జవాబివ్వకండి, వాళ్లకి కావలసింది అదే" అని ఖాయం చేశాం. ఆ అమ్మాయి భూతాన్ని కొట్టేసి, మార్జిన్‌లో చిన్న గాలం బొమ్మ గీసుకుంది.